ఫెదర్ కొట్టి చేతులు దులుపుకోకండి బాబులూ!

మా బాబాయ్ విశాఖలో తేనె అమ్ముతాడు. పాడేరు వైపు నుంచి తెప్పించి, వడగట్టి, పావుకిలో గాజు సీసాల్లో పోసి, ఆన్‌లైన్లో కూడా పెడుతుంటాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు చేసిచ్చిన ఫొటోలు చూసి జనాలు ఇది బెల్లం పాకమా అని అడుగుతున్నార్రా" అన్నాడు. చూద్దును కదా, నిజమే. నేనే స్వయంగా బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, లేత నీలం రంగు తెర మీద అతికించిన సీసాలో తేనె ఎలా ఉందంటే, వానాకాలం రోడ్డు పక్క గుంటలో నీళ్ళలా ఉంది. అంచులు మాత్రం అద్దంలా ఉన్నాయి! పెన్ టూల్ తో గంటసేపు కూర్చుని కోశాను మరి.

ఈ టపా నా మీద నాకొచ్చిన కోపంతో మొదలై, మన జాతి మొత్తం మీద కోపంగా మారింది. మన జాతి అంటే సాఫ్టువేరోళ్ళం. ఎందుకంటే నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇలాంటి సరుకునే తయారుచేశాం. ఫొటో ఇస్తే బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పారదర్శకమైన పీఎన్‌జీ ఇచ్చే సర్వీసు. కుక్కపిల్ల బొచ్చు చుట్టూ పచ్చటి గీత వస్తోందని ఒక టెస్టరమ్మాయి బగ్ రాస్తే, మా లీడు "మాస్క్ కి రెండు పిక్సెళ్ళ ఫెదర్ కొట్టి మూసెయ్" అన్నాడు. కొట్టాను. మూశాను. ఆ అమ్మాయి మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూశాను, ఈసారి "డిజైన్ ప్రకారమే ఉంది" అని రాసి. ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టు. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

అసలు తప్పు ఎక్కడుందంటే "కోయడం" అనే మాటలోనే ఉంది. కాగితం బొమ్మని కత్తెరతో కోసినట్టు, అంచు ఎక్కడో కనిపెడితే పని అయిపోయిందనుకుంటాం. బొచ్చుకీ, పొగకీ, గాజుకీ అంచు అనేదే లేదు. అక్కడ ఒక్కో పిక్సెల్లో రెండు వస్తువుల వెలుగు కలిసిపోయి ఉంటుంది. పాలూ నీళ్ళూ కలిశాక గీత ఎక్కడ గీస్తారు? కాబట్టి ఇది ఆకారం సమస్య కాదు, రంగు సమస్య. ఇదొక్కటే నా వాదన. మిగిలినదంతా దీనికి రుజువులు.

మన ఇంజినీరింగు బుర్రలకి ఎక్కేలా రాస్తే కథ ఇదీ:

```
C = a*F + (1-a)*B
```

C కెమెరాకి దొరికిన రంగు. F అసలు వస్తువు రంగు, B వెనకున్న రంగు, a ఆ పిక్సెల్లో వస్తువు ఎంత భాగం ఆక్రమించిందో చెప్పే సంఖ్య, అంటే ఆల్ఫా. మన దగ్గరున్నది C ఒక్కటే, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు సమీకరణాలు. తెలియనివి ఏడు: F లో మూడు, B లో మూడు, ఆల్ఫా ఒకటి. మూడు సమీకరణాలతో ఏడు కనుక్కోమంటే ఇంటర్లో మా లెక్కల మాస్టారు బయటికి పొమ్మనేవారు. 1984లో పోర్టర్, డఫ్ ఆల్ఫాతో బొమ్మలు పేర్చే లెక్కని పద్ధతిగా రాశారు. 1996లో ఆల్వీ రే స్మిత్, జిమ్ బ్లిన్ "వెనక రంగు తెలిసినా సరే, ఒకే ఫొటోతో ఇది సాధారణంగా తేలదు" అని చూపించారు. అంటే ఈ సంగతి కొత్తదేం కాదు. మనం చదవలేదంతే.

సరే, కుక్కపిల్ల దగ్గరికొద్దాం. తెల్ల పామేరియన్, వెనక పచ్చ గోడ. (కింది అంకెలన్నీ కాంతి కొలతలు అనుకోండి, 0 నుంచి 255 దాకా. తెర మీద కనబడే ఎస్‌ఆర్‌జీబీ అంకెలు కావు. ఆ గొడవ తర్వాత చెప్తా.) బొచ్చు రంగు (240, 236, 230), గోడ (60, 140, 70). ఒక వెంట్రుక చివర ఆల్ఫా 0.4 ఉంది. కెమెరాకి దొరికేది (132, 178, 134). ఇప్పుడు మన సాధనం ఆల్ఫాని నూటికి నూరు పాళ్ళు సరిగ్గా కనిపెట్టిందనే అనుకుందాం. 0.4 అని కరెక్టుగా చెప్పింది. కానీ పీఎన్‌జీలో రంగు ఏం రాసింది? ఫొటోలో ఉన్న C నే రాసింది. ఆ C లో అరవై శాతం గోడే ఉంది!

దాన్ని తీసుకెళ్ళి (40, 30, 25) అనే ముదురు గోధుమ రంగు తెర మీద పెడితే వచ్చేది (77, 89, 69). నిజంగా ఆ కుక్కపిల్లని ఆ తెర ముందు కూర్చోబెట్టి ఉంటే రావాల్సింది (120, 112, 107). తేడా చూశారా? వెలుగు బాగా తగ్గిపోయింది, పైగా ఆకుపచ్చ పైచేయి అయ్యింది. తెల్ల బొచ్చు చుట్టూ పాచి పట్టినట్టు కనబడే ఆ గీత ఇదే. ఆల్ఫా తప్పు లేకుండానే వచ్చింది, గమనించండి.

ఇప్పుడు ఫెదర్ కొడితే ఏమవుతుంది? ఆల్ఫా 0.4 కాస్తా 0.3 అవుతుంది, పక్కన సున్నా ఉన్నచోట 0.1 అవుతుంది. రంగు జోలికే పోలేదు. పాచి అలాగే ఉంది, కాకపోతే మసగ్గా పరుచుకుంది. ఇంకొందరు మాస్క్ ని రెండు పిక్సెళ్ళు లోపలికి జరపమంటారు. పాచి పోతుంది, దాంతోపాటు వెంట్రుకలూ పోతాయి. గుండు కొట్టించి చుండ్రు పోయిందనడం లాంటిది :-)

చేయాల్సింది తీసివేత. గోడ రంగు తెలుసు, ఆల్ఫా తెలుసు, కాబట్టి F = (C - (1-a)*B)/a. ఎరుపు చూడండి: 132 లోంచి 36 తీసేసి 0.4 తో భాగిస్తే 240 వచ్చేసింది. ఫొటోషాప్ లో `Select and Mask` లోపల `Decontaminate Colors` అనే టిక్కు ఉండేది ఇందుకోసమే. అది ఈ తీసివేత చేయదు కానీ, అంచు రంగుల స్థానంలో పక్కనున్న గట్టి పిక్సెళ్ళ రంగుల్ని తెచ్చి నింపుతుంది. చాలా బొచ్చులకి అది చాలు. పైథాన్ రాసుకునేవాళ్ళకి పైమ్యాటింగ్ లైబ్రరీలో `estimate_foreground_ml(image, alpha)` ఉంది. ఆల్ఫా ఇస్తే F తీసిస్తుంది. మా సర్వీసులో ఆ ఒక్క పిలుపు పెట్టి ఉంటే ఆ బగ్ మూడుసార్లు తెరవాల్సిన ఖర్మ పట్టేది కాదు.

ఒక హెచ్చరిక. భాగాహారం ఉంది కాబట్టి ఆల్ఫా చిన్నదైతే తప్పు పెద్దదవుతుంది. ఆల్ఫా 0.05 ఉన్నచోట జేపెగ్ వల్ల C లో 3 తేడా వచ్చినా F లో అది 60 అవుతుంది. బొచ్చు చివర్లలో ఇంద్రధనుస్సు చుక్కలు కనబడితే కారణం ఇదే. అక్కడ లెక్కని నమ్మకుండా లోపలి బొచ్చు రంగుని బయటికి లాక్కెళ్ళడమే మేలు.

ఇక పొగ. దీని దగ్గర అందరూ చెప్పే చిట్కా ఒకటుంది: నల్ల గుడ్డ ముందు అగరుబత్తి వెలిగించి తీయండి, కొత్త బొమ్మ మీద `Screen` మోడ్ లో పెట్టండి. చీకటి బొమ్మ మీద పెడితే బ్రహ్మాండంగా ఉంటుంది, నిజమే. అదే పొగని పగటి ఆకాశం మీద పెట్టండి. మాయం! అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు? లేయర్ ని ఇంకోటి కాపీ చేస్తారు, ఇంకోటి... పొగ కాస్తా ట్యూబులైటు అవుతుంది.

`Screen` లో దాగున్న ఊహ ఏమిటంటే, పొగ రంగు శుద్ధ తెలుపు, దాని వెలుగే దాని ఆల్ఫా. నల్ల తెర ముందు B సున్నా కాబట్టి మనకి మిగిలింది ఆల్ఫా, F ల లబ్ధం ఒక్కటే. పల్చటి తెల్ల పొగా, చిక్కటి బూడిద పొగా రెండూ ఒకే లబ్ధం ఇస్తాయి. నల్ల తెర ఆ తేడాని మింగేసింది. ఇంట్లో చూడండి, దేవుడి గదిలో చీకటి మూల ముందు అగరుబత్తి పొగ నీలంగా కనబడుతుంది. అదే పొగ కిటికీ ముందుకి రాగానే గోధుమ రంగుకి తిరుగుతుంది. సన్నటి పొగ రేణువులు నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. పక్కకి చెదిరింది చూస్తే నీలం, నేరుగా దాటొచ్చింది చూస్తే నీలం తగ్గిన వెలుగు. అంటే పొగకి ఆల్ఫా ఒక సంఖ్య కాదు, ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తేనె సీసా దగ్గర ఇదే పనికొస్తుంది.

పొగతో ఇంకో చిక్కు, అది నిలవదు. ఒకే మెలికని రెండు తెరల ముందు తీయడం కుదరదు. కాబట్టి రాజీ పడాలి. కొత్త బొమ్మ చీకటిదైతే నల్ల తెర ముందు తీసి కలపండి. వెలుగుదైతే వెలుగున్న తెల్లగోడ ముందు తీసి, అదే గోడని పొగ లేకుండా తీసిన ఫొటోతో భాగించి, వచ్చినదాన్ని `Multiply` లో పెట్టండి. ఒకే పొగ ఫైలు కొనుక్కుని అన్నింటిమీదా రుద్దితే మాత్రం కుదరదు.

ఇప్పుడు బాబాయ్ సీసా. ఇది పొగ కంటే మర్యాదస్తురాలు, పెట్టినచోట కదలకుండా కూర్చుంటుంది. కాబట్టి స్మిత్, బ్లిన్ చెప్పిన విరుగుడు పూర్తిగా పనిచేస్తుంది: అదే వస్తువుని రెండు వేర్వేరు తెరల ముందు తీయడం. నేను వాడింది స్టేషనరీ షాపులో కొన్న ఒక నల్ల చార్టు, ఒక తెల్ల చార్టు. మొత్తం నాలుగు ఫొటోలు: సీసాతో నలుపు, సీసాతో తెలుపు, సీసా లేకుండా నలుపు, సీసా లేకుండా తెలుపు. లెక్కంతా ఇంతే:

```python
T = (Cw - Ck) / (W - K)
A = Ck - T * K
out = A + T * B
```

T అంటే వెనకున్న వెలుగులో ఎంత భాగం సీసా గుండా దాటొచ్చిందో. A అంటే వెనక ఏమున్నా లేకున్నా సీసా తనంతట తాను కెమెరాకి పంపే వెలుగు, అంటే మెరుపులూ, లేబులూ, మూతా. రెండింటికీ మూడేసి రంగులు, తెలియనివి ఆరు. రెండు ఫొటోలకి సమీకరణాలు ఆరు. లెక్క సరిపోయింది, ఊహలేం అక్కర్లేదు.

సీసా మధ్యలో ఒక పిక్సెల్ తీసుకుందాం. సులువు కోసం నల్ల చార్టు శుద్ధ సున్నా, తెల్ల చార్టు 240 అనుకోండి. నల్ల చార్టు ముందు (30, 18, 8) వచ్చింది, తెల్ల చార్టు ముందు (222, 150, 56). తేడాని 240 తో భాగిస్తే T = (0.8, 0.55, 0.2). తేనె అంటే ఇదే! ఎరుపుని వదిలేస్తుంది, ఆకుపచ్చని సగం ఆపుతుంది, నీలాన్ని దాదాపు మింగేస్తుంది. దీన్ని (100, 120, 160) అనే లేత నీలం తెర మీద పెడితే (110, 84, 40) వస్తుంది. చక్కటి తేనె రంగు.

నేను మొదట చేసిన ఘనకార్యం ఏమిటంటే ఆల్ఫా ఒక్కటే ఉన్న పీఎన్‌జీ. ఒక్క సంఖ్యే పెట్టాలి కాబట్టి మూడు T ల సగటు తీస్తే 0.517. అదే తెర మీద లెక్కేయండి: (82, 80, 91). బూడిద! పైగా నీలం ఒక పాలు ఎక్కువ. బెల్లం పాకమా అని అడిగారంటే అడగరూ? మీరు అంచుని దేవుడిలా కోసినా, ఆల్ఫాని మైక్రాన్లలో కొలిచినా, ఒక్క సంఖ్యలో మూడు పట్టవు. పీఎన్‌జీలో రంగు గాజు పట్టదు. ఈ ముక్క ఏ సర్వీసు వాడూ తన పేజీలో రాయడు, మేమూ రాయలేదు.

మరి ఎలా దాచాలి అంటే, రెండు ఫైళ్ళుగా. T ఒకటి, A ఒకటి. ఫొటోషాప్ లో కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద T ని `Multiply` లో పెట్టి, దానిపైన A ని `Linear Dodge (Add)` లో పెడితే పైన చెప్పిన మూడో లైను అదే జరుగుతుంది. సీసా బయట T అంతా తెలుపు, A అంతా నలుపు, కాబట్టి కత్తెర పనే లేదు. ఒక్క గీత కూడా గీయలేదు నేను.

దీనికి ముందు నేను పడ్డ పాట్లు కొన్ని చెప్తే మీకు ఒక ఆదివారం మిగులుతుంది.

మొదటిసారి చేసినప్పుడు మెరుపులున్న చోటల్లా T రుణాత్మకం వచ్చింది. అర్థం కాలేదు. రా ఫైళ్ళు తెరిచేటప్పుడు రాపై తనంతట తాను వెలుగు సర్దుతోందని తర్వాత తెలిసింది. నల్ల ఫొటో చీకటిగా ఉంది కదా అని దాన్ని బాగా పెంచేసింది, తెల్లదాన్ని అంతగా పెంచలేదు. రెండు ఫొటోలకి రెండు కొలబద్దలన్నమాట. ఇలా తెరవాలి:

```python
rawpy.imread(f).postprocess(
    gamma=(1, 1), no_auto_bright=True,
    output_bps=16, use_camera_wb=True)
```

ఇందులో `gamma=(1, 1)` ఎందుకంటే, ఇందాక దాటేసిన గొడవ ఇదే. తెర మీది అంకెలు కాంతికి అనుపాతంలో ఉండవు. నలుపూ తెలుపూ సగం సగం కాంతి కలిస్తే ఎస్‌ఆర్‌జీబీలో వచ్చేది 188, మనం అనుకునే 128 కాదు. కెమెరాలో వెలుగు కలిసేది కాంతిగానే. కాబట్టి తీసివేతా, కలపడమూ కాంతిలోనే చేసి, చివర్న ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలి. ఫొటోషాప్ లో 8 బిట్ల మామూలు ఫైల్లో పేరిస్తే ఈ తప్పు వస్తుంది. `Color Settings` లో `Blend RGB Colors Using Gamma` ని 1.00 చేస్తే సరిపోతుంది. తెల్ల బొచ్చుని చీకటి తెర మీద పెట్టినప్పుడు వెంట్రుకలు సన్నబడిపోతున్నాయంటే అనుమానించాల్సింది దీన్నే.

రెండో పాటు: T ఒకటి కంటే ఎక్కువ వచ్చింది, సీసా అంచుల వెంట. తెల్ల చార్టు సీసాకి జానెడు దూరంలో ఉంది, దాని మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి సీసా పక్కల్ని వెలిగిస్తోంది. నల్ల చార్టుతో ఆ వెలుగు లేదు. అప్పుడు రెండు ఫొటోల్లో ఉన్నది రెండు వేర్వేరు సీసాల కిందే లెక్క. చార్టుని మీటరు వెనక్కి జరిపాక చాలావరకు పోయింది. కాబట్టి చూసుకోవాల్సింది తేలిక: T సున్నాకీ ఒకటికీ మధ్య ఉందా లేదా. సున్నా కంటే తక్కువైతే ఏదో కదిలింది, లేదా వెలుగు సర్దుబాటు మారింది. ఒకటి దాటితే తెర వెలుగు సీసా మీద పడుతోంది. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు, ఫోకసు మూడూ తాళం వేసి, ట్రైపాడ్ మీద, టైమర్ తో తీయండి. తెల్ల చార్టు 255 కి తగలకుండా చూసుకోండి, తగిలితే పై లెక్కలో W అబద్ధం అవుతుంది.

ఇంతాచేసి దీనికీ ఒక హద్దుంది, దాచను. నిండు సీసా అంటే గుండ్రటి కటకం. వెనకున్న దృశ్యాన్ని కుడిఎడమలు చేసి చూపిస్తుంది. నా లెక్క మాత్రం "ఈ పిక్సెల్ వెనకున్నది ఈ పిక్సెలే" అనుకుంటుంది. లేత నీలం తెరా, మెల్లగా రంగు మారే తెరా అయితే ఎవరికీ తెలియదు. అరకు లోయ ఫొటో వెనక పెట్టి, తేనెలోంచి కొండలు కుడిఎడమలు మారకుండా కనబడ్డాయంటే మాత్రం దొరికిపోతారు. దానికి 1999లో జోంకర్ బృందం వస్తువు వెనక తెర మీద గీతల నమూనాలు ఒక్కొక్కటే చూపిస్తూ ఫొటోలు తీసి, ఏ పిక్సెల్ కి వెలుగు వెనక ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టే పద్ధతి చెప్పారు. నేను చేయలేదు. బాబాయ్ కి కొండలు వద్దని చెప్పాను.

"ఒక సీసా ఫొటోకి ఇంత అవసరమా గురూ? ఒక్క క్లిక్ తో చేసేవి బోలెడున్నాయి" అని మా రూమ్మేటు. ఉన్నాయి. మనుషుల్నీ కార్లనీ కుర్చీలనీ వాటితోనే కోసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవల్లా, తీసేటప్పుడు చార్టు మార్చే వీలున్నా ఒకటే ఫొటో తీసి, ఆ పోయిన సమాచారాన్ని తర్వాత ఏ బటనో ఊహించి పెడుతుందని కూర్చోవడం గురించి. పది రూపాయల చార్టు తెచ్చేది కొలత. బటన్ ఇచ్చేది ఊహ. అమ్మే సరుకు రంగు దగ్గర ఊహ ఎందుకు? తేనె కొనేవాడు చూసేదే రంగు కదా. ఇంక ఆ బటన్ని తయారుచేసేవాళ్ళం మనమే అయితే, కనీసం F ని లెక్కకట్టి ఇవ్వాలి, గాజు వస్తే "ఇది నావల్ల కాదు" అని చెప్పాలి. అంచు మసగ్గా చేసి పని అయిపోయిందనడం మోసం కాకపోతే ఏమిటి?

మొత్తం మూడు సైజుల సీసాలు మళ్ళీ తీశాను. నీడలు మాత్రం చేత్తోనే వేశాను, ఆ రెండు చార్టులు నీడ సంగతి చూసుకోవు. బాబాయ్ కొత్తవి చూసి "ఇదీ మన తేనె" అన్నాడు, కాసేపు జూమ్ చేసి, "మరి ఈ పెద్ద సీసా మూత మీద ఎర్రగా ఏంట్రా?" అన్నాడు. నా చొక్కా. మూత మెరుస్తుంది కదా, ఎదురుగా ఎర్ర చొక్కాతో నేను. అది A లోకి బుద్ధిగా వచ్చి కూర్చుంది. ఆదివారం నల్ల చొక్కా వేసుకుని ఆ ఒక్కటీ మళ్ళీ తీయాలి.